పిల్లలు చేసిన పని చూసి ఏమనాలి? ఎట్ల అనాలి?

పోయినేడాది పెత్రమాస నాడు దేవరకొండ దగ్గర మా అమ్మగారి ఊర్లో ఉన్నాను. మా అక్క బిడ్డకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మ. పెద్దవాళ్ల తాంబాళం పక్కనే చిన్న స్టీల్ ప్లేట్ పెట్టుకుని తను కూడా పేర్చింది. గంటన్నర కూర్చుంది. అయిదు వరుసలు లేచాక బతుకమ్మ ఒక పక్కకు ఒరిగింది. అక్క వంటింట్లోంచి తొంగి చూసి "అబ్బ, సూపర్ ఉంది బిడ్డా, నువ్వు చానా తెలివిగల్లదానివి" అన్నది. పాప స్నానానికి పోయింది. మా అమ్మ, అంటే పాపకు అమ్మమ్మ, ఆ బతుకమ్మ విప్పి రెండు నిమిషాల్లో చక్కగా నిలబెట్టింది. ప్రేమతోనే చేసింది. నలుగురిలో పిల్ల చిన్నబోవద్దని చేసింది.

పాప వచ్చి చూసింది. ఏమీ అనలేదు. ఆట దగ్గరికి బయల్దేరేటప్పుడు మాత్రం దాన్ని ఎత్తుకోలేదు. "అది నాది కాదు" అన్నది. తర్వాత అయిదారు రోజులు పూల జోలికి రాలేదు. పిలిస్తే "నాకు రాదు" అనేది.

నేను ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. ఇట్లాంటి "నాకు రాదు"లు క్లాసులో రోజూ వింటాను. ఆ మాట ఎక్కడి నుంచి వస్తుందో, మనం మెచ్చుకునే తీరుకు దానికి సంబంధం ఏంటో, ఇంట్లో ఏం మార్చుకోవచ్చో ఇక్కడ రాస్తున్నాను. ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలున్న వాళ్లకు పనికొస్తుంది.

ముందు ఈ వయసు సంగతి

ఎరిక్ ఎరిక్సన్ అనే మానసిక శాస్త్రవేత్త 1950లో మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చెప్పాడు. డి.ఎడ్., టెట్ చదివిన వాళ్లకు ఈ పేరు తెలుసు. బడి ఈడు ఆయన లెక్కలో నాలుగో దశ. ఒక పక్క శ్రమశీలత, ఇంకో పక్క న్యూనత. పరీక్ష కోసం బట్టీ పట్టినప్పుడు ఈ రెండు మాటలు పొడిగా ఉంటాయి కానీ విషయం చాలా మామూలుది.

నాలుగైదేళ్ల పిల్లకు ఆట చాలు. ఇటుక పొడి కారం అవుతుంది, ఆకులు రొట్టెలు అవుతాయి, ఎవరూ తినకపోయినా ఫర్వాలేదు. ఆరు దాటాక అది సరిపోదు. నిజంగా తినే రొట్టె చేయాలి. మొదలుపెట్టింది పూర్తి చేయాలి, అది నలుగురికీ పనికిరావాలి, పెద్దవాళ్ల పనిముట్టు తన చేతికి రావాలి. పోచంపల్లిలో మగ్గం ఉన్న ఇళ్లల్లో ఒకప్పుడు పిల్లలు అమ్మ పక్కన కూర్చుని కండెలు చుట్టడం నేర్చుకున్నది ఈ ఈడులోనే. పిల్లలను బడిలో వేసేదీ ఈ ఈడులోనే. ఏ సమాజమైనా ఈ వయసులోనే పిల్లలకు ఏదో ఒక పని పద్ధతిగా నేర్పడం మొదలుపెడుతుందని ఎరిక్సన్ గమనించాడు. పలక, పెన్సిల్ కూడా ఆయన దృష్టిలో పనిముట్లే.

పని చేతికి వస్తున్నదన్న నమ్మకం కుదిరితే అది సామర్థ్యం అవుతుంది. ఎంత చేసినా తన పని పనికిరాదని, తోటివాళ్ల కంటే తను తక్కువని అనిపిస్తే అది న్యూనత. రెండోది అసలే ఉండకూడదని కాదు. "ఇది నాకింకా రాలేదు" అన్న ఎరుక కొంచెం ఉంటేనే నేర్చుకుంటారు. త్రాసు ఎటు మొగ్గుతుందన్నదే ప్రశ్న.

మెచ్చుకోవడం గురించి ఎరిక్సన్ రాసిన ముఖ్యమైన మాట ఒకటి ఉంది: ఉత్త పొగడ్తతో పిల్లలను మోసం చేయలేం, నిజంగా సాధించినదాన్ని మనస్ఫూర్తిగా గుర్తిస్తేనే వాళ్లకు బలం. మా పాప విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. బతుకమ్మ ఒరిగిందని పాప కళ్లకు కనిపిస్తూనే ఉంది. "సూపర్" అన్న మాట విని అమ్మ చూడలేదని అర్థం చేసుకుంది. అమ్మమ్మ సరిచేయడం చూసి, తను చేసింది బయటికి చూపించేటట్టు లేదని అర్థం చేసుకుంది. రెండూ ప్రేమతో జరిగినవే, రెండూ కలిసి ఒకే సంగతి చెప్పాయి.

మొదటి పని: నోరు తెరవకముందు చూడండి

పిల్ల ఏదైనా తెచ్చి చూపిస్తే చేతిలో పని పక్కన పెట్టి పది సెకన్లు దాన్ని చూడండి. నోట్‌బుక్ అయితే చేతిలోకి తీసుకోండి. పొయ్యి మీద నూనె కాగుతుంటే అబద్ధం ఆడకండి. "ఇప్పుడు చూడలేను, పూరీలు అయినంక కూర్చొని చూస్తా" అనండి, అన్నట్టే కూర్చోండి. చూడకుండా అన్న సూపర్ కంటే ఆలస్యంగా చూడడం మేలు.

చూశాక తీర్పు చెప్పకండి, అడగండి. "బాగుంది", "బాలేదు" రెండూ తీర్పులే. "ఇది ఎట్ల చేసినవ్?", "ఎక్కడ కష్టమైంది?", "ఈ రంగు ఎందుకు తీసుకున్నవ్?" అంటే పిల్ల తన పని గురించి తానే మాట్లాడుతుంది. మీరు ఏం మెచ్చుకోవాలో ఆ జవాబులోనే దొరుకుతుంది. మొదట్లో "ఏమో" అంటారు. "బాగుంది" విని వెళ్లిపోవడం అలవాటైన పిల్లలకు ఇది కొత్త. ఒకటి రెండు వారాలు అడుగుతూ ఉండండి.

రెండోది: కంటికి కనిపించేది ఒకటే చెప్పండి

మెచ్చుకోవడం అంటే నా లెక్కన సమాచారం ఇవ్వడం. మీ మాట విన్నాక, తను ఏం చేస్తే ఇది కుదిరిందో పిల్లకు తెలియాలి. తెలిస్తే రేపు మళ్లీ చేస్తుంది. "సూపర్" అంటే ఏం చేయాలో తెలియదు, ఇంకోసారి సూపర్ అనిపించుకోవాలన్న ఆశ మాత్రం మిగులుతుంది.

నోట్‌బుక్ ఉదాహరణ తీసుకుందాం. రెండో తరగతి పిల్లవాడు పది లైన్లు కాపీ రైటింగ్ రాశాడు. మొదటి నాలుగు లైన్లు వంకర, తర్వాత గీత మీదికి వచ్చాయి. పేజీ కింద ఎర్ర ఇంకుతో "గుడ్" అని రాస్తే వాడికి తెలిసేది సున్నా. "అయిదో లైన్ నుంచి నీ అక్షరాలన్నీ గీత మీద కూర్చున్నయ్. అక్కడ ఏం మార్చినవ్?" అంటే వాడు పేజీ చూసుకుంటాడు. నా క్లాసులో ఒక అబ్బాయి ఈ ప్రశ్నకు "నోట్‌బుక్ తిప్పి పెట్టుకున్న టీచర్" అన్నాడు. ఆ సంగతి నాకు తెలియదు. మరుసటి రోజు మొదటి లైన్ నుంచే పుస్తకం కొంచెం వాల్చి పెట్టుకుని రాశాడు.

ఒక్క విషయం చాలు. నాలుగైదు చెబితే అది ఉపన్యాసం అవుతుంది.

మూడోది: పనిని మెచ్చుకోండి, తెలివిని కాదు

"నువ్వు చానా తెలివిగల్లదానివి" అన్న మాటలో తప్పేముందని అక్క నన్ను అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

1998లో అమెరికాలో క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలు ఈ ప్రశ్న మీదనే. పిల్లలకు బొమ్మల పజిల్స్ ఇచ్చారు, మరీ కష్టం కాదు. అయ్యాక అందరికీ బాగా చేశావన్నారు. ఆ పైన కొందరితో "నీకు తెలివి బాగా ఉంది" అన్నారు, కొందరితో "బాగా కష్టపడి ఉంటావు" అన్నారు, కొందరితో ఇంకేమీ అనలేదు. తర్వాత కావాలనే చాలా కష్టమైనవి ఇచ్చారు, అందరూ తడబడ్డారు. చివరికి మళ్లీ మొదటిలాంటివే ఇచ్చారు. తెలివిని మెచ్చుకున్న పిల్లలకు మొదటిసారి కంటే తక్కువ వచ్చాయి. శ్రమను మెచ్చుకున్న వాళ్లకు పెరిగాయి. నన్ను ఎక్కువ కదిలించింది ఇంకోటి. ముఖం కూడా తెలియని వేరే బడి పిల్లలకు మీ మార్కులు రాయండి అంటే, తెలివిగల వాళ్లని పిలిపించుకున్న పిల్లల్లో పదికి దాదాపు నలుగురు ఎక్కువ వేసి రాశారు. శ్రమను మెచ్చుకున్న వాళ్లలో పదికి ఒకరి కంటే కొంచెం ఎక్కువ, అంతే.

కారణం ఊహించడం కష్టం కాదు. పజిల్ వచ్చినందుకు తెలివిగలవాడివి అన్నారంటే, రాకపోతే తెలివి లేదని అర్థమే కదా. తెలివి తన చేతిలో లేదు. ఆ పేరు నిలబెట్టుకోవాలంటే ఓడిపోయే పనికి దూరంగా ఉండాలి, లేదా దాచాలి.

అలాగని "బాగా కష్టపడ్డావ్" అన్నదాన్ని మంత్రంలా వాడకండి. చాలామంది ఈ ప్రయోగం గురించి విని ఇక్కడే తప్పు చేస్తున్నారు. పిల్ల అయిదు నిమిషాల్లో ఆడుతూ పాడుతూ చేసినదానికి కష్టపడ్డావంటే అది కూడా అబద్ధమే. వయసు బట్టి కూడా తేడా ఉంది. ఆరేడేళ్ల పిల్లలకు కష్టపడేవాడూ తెలివిగలవాడూ ఒకటే. పది పదకొండు వచ్చేసరికి రెండూ వేరని తెలిసిపోతుంది. ఆ ఈడు వాళ్లు సులువైన పనికి పెద్ద మెప్పు వింటే "నాకు ఇదే ఎక్కువని టీచర్ అనుకుంటున్నది" అని లెక్క వేస్తారు. అందుకే శ్రమ కంటే పద్ధతిని మెచ్చుకోవడం నయం. పుస్తకం వాల్చి పెట్టుకున్నాడు, లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి చూసుకున్నాడు, తెలియక అక్కను అడిగాడు. ఇవన్నీ వాడు చేసిన పనులు, మళ్లీ చేయగలిగిన పనులు.

ఢీలా పడిన పిల్లను ఎక్కువ పొగడాలనిపిస్తుంది. ఆగండి.

ఇది అందరం చేసేదే. పిల్లకు ధైర్యం తక్కువని తెలిస్తే మాట పెంచుతాం. "బాగుంది" అనేదాన్ని "అద్భుతంగా ఉంది, ఇంత మంచిది నేనెక్కడా చూడలే" అంటాం. 2014లో నెదర్లాండ్స్ పరిశోధకులు సరిగ్గా దీన్నే పరీక్షించారు. పెద్దవాళ్లు ఆత్మవిశ్వాసం తక్కువున్న పిల్లలనే ఎక్కువగా ఇలా పొగుడుతున్నారని వాళ్ల పరిశీలనలో తేలింది. తర్వాత పిల్లలతో ఒక ప్రసిద్ధ చిత్రం చూసి బొమ్మ గీయించి, ఒక చిత్రకారుడు రాసినట్టు చీటీలు ఇచ్చారు. కొన్నింట్లో మామూలుగా "అందంగా ఉంది", కొన్నింట్లో "నమ్మలేనంత అందంగా ఉంది", కొందరికి మెప్పే లేదు. తర్వాత ఏ బొమ్మలు గీస్తారో ఎంచుకోమంటే, ఆత్మవిశ్వాసం తక్కువున్న పిల్లలు పెద్ద పొగడ్త విన్నాక సులువైనవాటి వైపే పోయారు. అంత ఎత్తున పెట్టిన మాటను రెండోసారి అందుకోలేమని భయం. ఆత్మవిశ్వాసం బాగా ఉన్న పిల్లలు మాత్రం అదే పొగడ్త విని కష్టమైనవి తీసుకున్నారు. అంటే ఎవరికి మందనుకుని వేస్తున్నామో వాళ్లకే పడటం లేదు.

ఢీలా పడిన పిల్లకు చిన్న మాట, నిజమైన మాట కావాలి. "రెండో వరుస గుండ్రంగ వచ్చింది" చాలు.

పని కుదరనప్పుడు

అసలు చిక్కు ఇక్కడే, అందుకే మళ్లీ బతుకమ్మ దగ్గరికి వద్దాం.

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు పాపను పూలు తెంపడానికి గుట్టకు తీసుకుపోయాను. పేర్చమని అనలేదు. తంగేడు కొమ్మలు తెచ్చాం, గునుగు కట్టలు కట్టి రంగు నీళ్లల్లో ముంచాం. ఇంటికొచ్చాక అడిగాను: "ఆ రోజు నీ బతుకమ్మ ఒరిగింది కదా, ఎందుకు ఒరిగిందనుకుంటున్నవ్?"

చాలాసేపు మాట్లాడలేదు. ఒరిగిందని ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి, ఆ మాట పైకి అనడమే తనకు కొత్త. చివరికి "మీదున్న వరుస లోపలికి దిగబడ్డది" అన్నది. సరిగ్గా చెప్పింది. పువ్వులు బయటికి, కాడలు లోపలికి పెట్టుకుంటూ గుండ్రంగా పేర్చుకుంటూ పోతే మధ్యలో బోలుగా మిగులుతుంది. తుంచిన కాడలు, ఆకులు వేసి ఆ బోలు నింపుకుంటూ రాకపోతే పై వరుసకు ఆసరా ఉండదు. తను నింపలేదు. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, పెద్దవాళ్లు నింపేటప్పుడు తన కళ్లు రంగుల మీద ఉన్నాయి.

"నీ వరుసలు మంచిగనే వచ్చినయ్. మధ్యల నింపడం ఒక్కటే మిగిలింది. అది నేర్పుతా" అన్నాను. మూడు వరుసలదే చేద్దామన్నాను, అయిదు కాదు. కింద గుమ్మడి ఆకులు పరిచి మొదటి వరుస తను పేర్చింది. మధ్యలో కాడలు ఎంత నింపాలో నా తాంబాళంలో చూపించాను, తన ప్లేట్‌లో చేయి పెట్టలేదు. రెండో వరుసకు కొంచెం జారింది. నా చేయి దానంతటదే ముందుకు పోయింది, వెనక్కి తీసుకున్నాను. తనే పూలు తీసి, ఇంకో పిడికెడు ఆకులు వేసి, అరచేత్తో అదిమింది. నిలబడింది.

ఈ కొంచెం పనిలో మీరు గుర్తుపెట్టుకోవలసినవి ఉన్నాయి. తప్పును తప్పని ఒప్పుకున్నాం, కానీ అది పిల్ల తప్పు కాదు, పనిలో ఉన్న తప్పు. దిద్దింది ఒక్కటే. పనిని తన చేతికి అందే సైజుకు తగ్గించాం. నా చేయి నా ప్లేట్‌లోనే ఉంది. హోంవర్క్‌కైనా, ప్రాజెక్ట్ చార్ట్‌కైనా ఇదే వర్తిస్తుంది. రాత్రి పదింటికి అమ్మానాన్నలు కూర్చుని చేసిన చార్టుకు బడిలో వచ్చిన చప్పట్లు పిల్లకు చేరవు. ఆ చార్టు ఎవరు చేశారో తనకు తెలుసు.

పక్కింటి పిల్లతో పోల్చకండి

ఏడెనిమిదేళ్లు వచ్చాక పిల్లలు తమంతట తామే పోల్చుకుంటారు. ఎవరి చదువు ముందుంది, ఎవరు లాస్ట్ అన్నది క్లాసులో అందరికీ తెలుసు. మీరు ఇంకో పోలిక కలపనక్కర్లేదు. "చిన్నమ్మ కొడుకును చూడు" అంటే పౌరుషం వస్తుందని మన పెద్దవాళ్ల నమ్మకం. నేను చూసినంతలో పౌరుషం ముందు నుంచీ గెలిచేవాడికే వస్తుంది.

పోలిక కావాలంటే తన పాత పనితోనే పెట్టండి. జూన్‌లో రాసిన పేజీ ఒకటి, దసరా సెలవులకు ముందుది ఒకటి, సంక్రాంతికి ఒకటి తేదీ వేసి అట్ట ఫైల్‌లో దాచండి. "నాకు రాదు" అన్న రోజు ఆ మూడూ నేల మీద పరవండి. మీరేం అనకండి, తేడా వాడే చెబుతాడు.

ఎప్పుడు అనుమానించాలి

న్యూనత వైపు మొగ్గుతున్న పిల్లలు ఏడుస్తూనే ఉండరు. మొదలుపెట్టకముందే రాదంటారు. పేజీ చినిగేదాకా రబ్బర్‌తో తుడుస్తారు. నోట్‌బుక్ బ్యాగ్ అడుగున దాస్తారు. రెండు లైన్లకోసారి "కరెక్టేనా" అని అడుగుతారు. కొందరు క్లాసులో అందరినీ నవ్విస్తూ తిరుగుతారు, పని దగ్గరికి వచ్చేసరికి మాయమవుతారు. ఒకటి రెండు రోజులైతే వదిలేయండి. నెలల తరబడి, అందులోనూ చదవడం రాయడం దగ్గరే ఉంటే మాటతో సరిచేద్దామని చూడకండి. ముందు కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించండి. నల్లబల్ల కనిపించని పిల్లకు ఏ మెప్పూ పనిచేయదు. అవి బాగుండి, మూడో తరగతిలో కూడా అక్షరాలు కలిపి చదవలేకపోతుంటే చదవడంలోనే ఇబ్బంది ఉండొచ్చు. పిల్లల డాక్టర్‌కు చూపించి, ఎక్కడ పరీక్ష చేయించాలో అడగండి.

ఇంకో వైపు కూడా జాగ్రత్త. ఎరిక్సనే హెచ్చరించాడు: పనిలో గెలుపు ఒక్కటే తన విలువ అని పిల్ల నమ్మితే అదీ ప్రమాదమే. ర్యాంక్ వచ్చిన రోజే ముద్దు చేసే ఇళ్లల్లో ఇది పెరుగుతుంది. కాబట్టి ప్రేమకూ పనికీ లంకె పెట్టకండి. తల నిమరడానికి, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం కలిపి పెట్టడానికి నోట్‌బుక్ చూడనక్కర్లేదు.

ఇంట్లో పెద్దవాళ్లతో

ఇదంతా మీరు నేర్చుకున్నా అమ్మమ్మలు, నాయనమ్మలు వాళ్ల పద్ధతిలోనే మెచ్చుకుంటారు. వాళ్లతో వాదన పెట్టుకోకండి. వాళ్ల ముద్దు పిల్లలకు అవసరం. ఒక్కటి మాత్రం అడగండి: పిల్ల చేసినదాన్ని చాటుగా సరిచేయొద్దని. మా అమ్మకు నేను అంతే చెప్పాను. "ఒరిగితే ఒరగనియ్ అమ్మా, దానికి చెప్పు, అదే సక్కగ చేసుకుంటది."

సద్దుల నాడు పాప నాలుగు వరుసలు పేర్చింది. పైన గుమ్మడి పువ్వు కొంచెం పక్కకే ఉంది. అమ్మ చూసింది, చేయి చీర కొంగులోనే ఉంచుకుంది. "నడుమ నింపినవా బిడ్డా?" అని అడిగింది.

"నింపిన అమ్మమ్మా, ఒత్తి చూడు."

అమ్మ వేలితో ఒత్తి చూసింది. "గట్టిగున్నది" అన్నది. పాప ప్లేట్ ఎత్తి నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందు బయల్దేరింది.